ఇటాలియన్ చిన్న కవిత, ఏడు పాదాలు: ఉరుము చప్పుడు నిలబెట్టాలా, తెల్ల ఇల్లు నిలబెట్టాలా?

లాసన్స్‌బే_లలిత

అందరికీ నమస్కారం. జొవాన్ని పాస్కోలి రాసిన 'తెంపొరాలే' అనే కవితను తెలుగు చేస్తూ పది రోజులుగా ఒకచోటే ఆగిపోయాను. ఆయన 1855లో పుట్టి 1912లో పోయారు. ఇది 'మిరీచే' అన్న ఆయన సంపుటిలోది. వినడానికి వీలుగా మన లిపిలో రాస్తున్నాను:

ఉన్ బుబ్బొలీయో లొంతానో...

రొస్సెజ్జ లొరిజ్జోంతే,
కోమే అఫ్ఫొకాతో, ఆ మారే:
నేరో దీ పేచే, ఆ మోంతే,
స్త్రాచ్చి దీ నూబి క్యారే:
త్రా ఇల్ నేరో ఉన్ కజొలారే:
ఉనాలా దీ గబ్బియానో.

అర్థం మాత్రం చెప్పాలంటే ఇంతే. ఎక్కడో దూరంగా ఒక ఉరుము సణుగుడు. సముద్రం వైపు ఆకాశపు అంచు నిప్పంటుకున్నట్టు ఎర్రబడుతోంది. కొండ వైపు తారు నలుపు, లేత మబ్బు ముక్కలు. ఆ నలుపులో ఒక ఒంటరి పల్లెటిల్లు. ఆపైన 'లాగా' అనే మాట లేకుండా, సముద్రపు పక్షి రెక్క.

ఇది చదివినప్పుడు మన ఊరే కనబడింది. ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండలు. అందుకే ఎంచుకున్నాను. ఇప్పుడు చిక్కేమిటంటే, మొదటి పాదం చివరి 'లొంతానో', ఆఖరి పాదం చివరి 'గబ్బియానో' ప్రాసలో కలుస్తాయి. దూరం, పక్షి. మధ్యలో ఐదు పాదాలు వేరే ప్రాసలతో నడుస్తాయి. ప్రాస నిలబెడితే బొమ్మ చెడుతోంది, బొమ్మ నిలబెడితే చెవికి ఏమీ మిగలడం లేదు. రెండు ప్రయత్నాలు చేశాను. ముందు చప్పుడు కోసం చేసింది పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

దూరాన ఉరుముల మోత...

కడలి దరి నిప్పుల పూత,
కొండ దరి కాటుక గీత,
చిరిగిన మబ్బుల నేత,
చీకటిలో ఇల్లు, తెల్లని రాత,
ఎగిరే కొంగకు రెక్కల ఊత.

మైక్_టెస్టింగ్

బావుందండీ! పాడుకోవచ్చు. నేను డబ్బింగ్ స్క్రిప్టులు రాస్తాను, మా పనిలో ఇదే రోజూ గొడవ. తెర మీద మనిషి పెదాలు మూస్తే మనం ప, బ, మ ఏదో ఒకటి పెట్టాలి, అర్థం తర్వాత. మీ కవితలో 'బుబ్బొ' దగ్గర రెండుసార్లు పెదాలు మూసుకుంటున్నాయి. మీ 'ఉరుముల మోత'లోనూ మూసుకుంటాయి గానీ ఆ 'బ' లేదు. 'గుబగుబ' పెట్టండి. 'దూరాన ఏదో గుబగుబ'. పెదాలూ కలుస్తాయి, భయమూ వస్తుంది.

చీఫింజనీరు

లలిత గారూ, నేను ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. లివోర్నో, జెనోవా రేవుల్లో చాలా రోజులు గడిపినవాణ్ణి. ఆ భాష నాకు రేవులోనే వచ్చింది, కవిత్వం తర్వాత పట్టుకున్నాను. కాబట్టి ఒక మాట సూటిగా చెబుతాను.

మీ ప్రాస పాఠం పాటలా వినబడుతోంది, కానీ ఒక్కొక్క చివరి మాట పట్టుకుని అది ఎందుకొచ్చిందో అడగండి. 'గీత' ఎందుకు? పాస్కోలి నలుపు కొండల వైపంతా కమ్ముకున్న నలుపు, సన్నని గీత కాదు. 'నేత' ఎందుకు? ఆయన చెప్పింది చిరిగిన పాతగుడ్డలు, మీది నేసిన బట్ట. నేరుగా తలకిందులైంది. 'ఊత' అయితే మరీ. రెక్క ఎగరడం లేదక్కడ, ఎవరికీ ఊతం ఇవ్వడం లేదు. ఆ రెక్కే ఇల్లు. నల్లటి మబ్బులో తెల్లగా మెరిసిన ఇంటిని చూసి ఆయనకు పక్షి రెక్క కనబడింది. మీ పాఠంలో ఇల్లు వేరు, కొంగ వేరు అయిపోయాయి. పైగా ఏడు పాదాలు ఆరయ్యాయి, లెక్క చూసుకోండి.

ఇంకొకటి. 'తెల్లని రాత' అని మీరు ముందే తెలుపు చెప్పేశారు. మూలంలో ఇల్లు తెల్లగా ఉందని ఎక్కడా లేదు. ఆఖరి మాట విన్నాకే మనకు ఇల్లు తెల్లబడుతుంది. ఆ ఆలస్యమే ఈ కవిత.

లాసన్స్‌బే_లలిత

దెబ్బ గట్టిగానే తగిలింది, కానీ నిజం. మా ఆయనకి చూపించకుండా చదివి వినిపించి, ఏం గుర్తుందని అడిగాను. "ఏ కొంగ? దేనికి ఊత?" అన్నారు. బొమ్మ కోసం చేసిన రెండో పాఠం ఇదీ:

ఎక్కడో దూరాన ఉరుము...

ఆకాశపు అంచు ఎర్రబారుతోంది
నిప్పంటుకున్నట్టు, సముద్రం వైపు;
తారులాంటి నలుపు, కొండ వైపు;
లేత మబ్బు పీలికలు;
ఆ నలుపు మధ్య ఒక పాక;
సముద్రపు పిట్ట రెక్క.

ఇది విన్నాక "ఏదో వాతావరణం కబురులా ఉంది" అన్నారాయన. అదే నా బాధ.

గాజువాక_గళం

తుఫాను కవితా అండీ? హుద్‌హుద్ రోజు గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12. మా మేడ మీది నీళ్ళ ట్యాంకు పక్కింటి పెరట్లో తేలింది. ఆ గాలి చప్పుడు ముందు గుడుగుడులు, గుబగుబలు ఏపాటి? దాన్నే రాయండి, జనం చదువుతారు.

లాసన్స్‌బే_లలిత

తుఫాను కాదండీ, అందుకే పేరు దగ్గర కూడా తంటా. 'తెంపొరాలే' అంటే ఉరుములతో వచ్చే చిన్న గాలివాన. విశాఖలో 'తుఫాను' అని పేరు పెడితే అందరికీ మీలాగే ట్యాంకు గుర్తొస్తుంది. 'ఉరుముల వాన' అంటే మొదటి పాదంలోని చప్పుడు పేరులోనే బయటపడిపోతుంది. కవితలో వాన పడనే పడదు కూడా. 'వాన ముందు' అనుకుంటున్నాను ప్రస్తుతానికి.

ఎమ్వీపీ_మాస్టారు

అమ్మా, ఆలస్యంగా చూశాను. తెలుగు మాస్టారిగా నా రెండు పైసలు. ఇటాలియన్‌వాళ్ళది ఏడు అక్షరాల పాదం అంటారు. దానికి దగ్గరగా మన ఆటవెలది ఉంది, నాలుగు పాదాల్లో ఒదుగుతుంది. ఛందస్సుకు ఛందస్సు ఇవ్వడం న్యాయం. వచనం రాసి కవిత అంటే ఒప్పుకోను.

'బుబ్బొలీయో' సంగతి చూశాను. నిఘంటువులో 'బుబ్బొలో' అంటే పశువుల మెడకు కట్టే గుండ్రటి చిన్న గంట. కాబట్టి 'దూరాన మువ్వల సవ్వడి' అని మొదలుపెట్టవచ్చు. ఎంత అందంగా ఉందో చూడండి.

చీఫింజనీరు

మాస్టారూ, గంట మాట సగం నిజం. ఆ నామవాచకం ఉంది. కానీ ఇక్కడున్నది 'బుబ్బొలారే' అనే క్రియ నుంచి వచ్చింది. దూరంగా ఉరుము లోలోపల గొణిగితే అలా అంటారు. మువ్వల సవ్వడి అంటే పెళ్ళివారు వస్తున్నట్టు ఉంటుంది, వాన కాదు.

ఆటవెలది మీద ఇంకో అనుమానం. ఈ కవితలో క్రియ ఒక్కటే, 'ఎర్రబారుతోంది'. మిగతావన్నీ నామవాచకాలు, మధ్యలో కోలన్లు. మెరుపు వెలుగులో ఒక్కో వస్తువు కనబడి ఆరిపోయినట్టు. దాన్ని ఆటవెలదిలో పోస్తే గణాలు నిండడానికి 'చూడుమయ్య', 'అదిగదిగో' లాంటివి వేయక తప్పదు. ఒక ప్రయత్నం చేసి చూపించండి, అవి లేకుండా వస్తే నేనే ఒప్పుకుంటాను.

ఎమ్వీపీ_మాస్టారు

రాత్రి కూర్చున్నాను. రెండు పాదాలు వచ్చాయి, రెండింటిలోనూ 'కాంచుమా' వచ్చింది. ఇక్కడ పెట్టను.

మైక్_టెస్టింగ్

హహహ. మాస్టారూ, దండాలు.

గుబగుబ మీద ఎవరూ ఏమీ అనలేదే?

చీఫింజనీరు

పెదాల మాట మంచి గమనిక, తమ్ముడూ. కానీ గుబగుబలాడేది మన గుండె, ఆకాశం కాదు. 'గుబగుబ' అనగానే చూసేవాడు భయపడ్డాడని చెప్పేసినట్టే. పాస్కోలి ఎక్కడా 'భయం' అనలేదు. దృశ్యం పెట్టి తప్పుకున్నాడు. 'గుడుగుడు' కూడా ఆలోచించాను. ఆ మాట వినగానే పిల్లల 'గుడుగుడు గుంచం' ఆట వస్తుంది, చప్పుడు సరిపోయినా మూడ్ పాడవుతుంది.

పెదజాలరిపేట_కుర్రోడు

నాకు కవిత్వం తెలీదు గానీ రెండు డౌట్లు ఉన్నాయి.

మొదటిది. సముద్రం వైపు ఎరుపంటే మాకు తెల్లారుజాము. మన సముద్రం తూర్పున ఉంది కదా. సాయంత్రం ఎరుపు సింహాచలం కొండల వైపు ఉంటది. ఉరుముల వాన మాకు ఏప్రిల్, మేల్లో సాయంత్రంపూట కొండల మీద నుంచి దిగుతుంది, అప్పుడు సముద్రం వైపు ఆకాశం బూడిదరంగు. మీ కవితలో టైం ఎంత?

రెండోది. మీరనే తెల్ల పిట్టలు చలికాలంలో వస్తాయి. వేట నుంచి బోట్లు తిరిగొచ్చేటప్పుడు వెనకాలే గుంపులుగా ఎగురుతాయి. వాన ఉరిమే ఎండాకాలం చివరికి వెళ్ళిపోతాయి. నల్ల మబ్బు ముందు తెల్లగా మాకు కనబడేది కొంగే.

లాసన్స్‌బే_లలిత

ఇది నాకు తట్టనే లేదు! పదేళ్ళుగా బీచ్ పక్కన ఉంటూ.

చీఫింజనీరు

ఈ కుర్రాడి మొదటి ప్రశ్న బంగారం. పాస్కోలి 1887 నుంచి 1895 దాకా లివోర్నోలో పంతులు. అక్కడ సముద్రం పడమర. సాయంత్రం ఆ నీళ్ళు నిజంగానే కొలిమిలా ఉంటాయి, నేను డెక్ మీద నిలబడి చూశాను. ఆయన పుట్టిన ఊరు రొమాన్యాలో, అక్కడ సముద్రం మనలాగే తూర్పు. కవితలో ఊరూ లేదు, పూటా లేదు. కాబట్టి విశాఖలో చదివేవాడు తెల్లవారుజాము అనుకుంటే అనుకోనివ్వండి. 'సాయంత్రం' అని మనం చేర్చడం కంటే అది నయం.

పిట్ట సంగతి మాత్రం నాకూ తేలడం లేదు.

ఎమ్వీపీ_మాస్టారు

కొంగ పెట్టండి. నల్లమబ్బు ముందు తెల్ల కొక్కెరల బారు మన సంప్రదాయానికి కొత్తదేమీ కాదు, మేఘసందేశంలోనే ఉంది. చదివేవాడికి వెంటనే అందుతుంది.

చీఫింజనీరు

వెంటనే అందడమే నా భయం, మాస్టారూ. మేఘసందేశంలో ఆ కొక్కెరలు మబ్బుకు తోడుగా, శుభంగా ఎగురుతాయి. వాన వస్తే మనకు సంతోషం. ఈ ఇల్లు అలాంటిది కాదు. పాస్కోలికి పన్నెండేళ్ళు నిండకముందే, 1867 ఆగస్టు 10న, బండిలో ఇంటికి తిరిగొస్తున్న ఆయన తండ్రిని దారిలో కాల్చి చంపేశారు. ఆ తర్వాత ఆయన కవిత్వంలో ఇల్లంటే గూడు, బయటి చీకట్లో ఎప్పుడు చెదురుతుందో తెలియని గూడు. కొంగ పెడితే ఆ ఇల్లు వానాకాలపు పటంలా చల్లగా అయిపోతుంది. పైగా కొంగ పొలం పక్షి. మొదట్లో 'ఆ మారే' అని సముద్రం చూపించాడు కదా, ఆఖర్న ఆ సముద్రాన్నే పక్షిగా కొండ వైపుకు తెచ్చాడు. కొంగ దాన్ని తేలేదు.

పెదజాలరిపేట_కుర్రోడు

మరి ఆ పిట్టకి తెలుగులో పేరేంటి సార్? మా ఇంట్లో పిట్టలనే అంటారు. మా ఫ్రెండ్స్ సీగల్ అంటారు.

లాసన్స్‌బే_లలిత

అక్కడే నేనూ ఆగింది. 'సీగల్ రెక్క' అని రాస్తే హోటల్ పేరులా ఉంది.

ఇంకో విషయం. రెండో పాఠంలో నేను 'పాక' అని పెట్టాను. చిన్న మాట, చప్పుడుకు బావుందని. నిన్న బొమ్మ గీసి చూసుకుంటే తప్పు తెలిసింది. పాక పైకప్పు తాటాకు, గోడలు మట్టి. నల్లమబ్బు కింద అది ఇంకా నల్లగా కనబడుతుంది. అది రెక్క ఎలా అవుతుంది? పెంకుటిల్లు అంటే ఎరుపు. 'తెల్లటి ఇల్లు' అంటే చీఫ్ గారు చెప్పిన ఆలస్యం పోతుంది. 'సున్నపుటిల్లు' అంటే? తెలుపు అనే మాట లేదు, కానీ తెలుపు ఉంది.

చీఫింజనీరు

సున్నపుటిల్లు! కొంచెం ముందే బయటపెడుతుంది నిజమే, అయినా ఇంతకంటే మంచిది నాకు తోచదు.

ఎమ్వీపీ_మాస్టారు

అమ్మా, ఓటమి ఒప్పుకున్నాక ఒకటి కనబడింది. చెబుతాను, పనికొస్తే తీసుకో.

మనమంతా పాదం చివరి ప్రాస వెంట పడ్డాం. తెలుగులో అంత్యప్రాస తేలిక. మన మాటల చివర్లు ఎలాగూ ఒకేలా ఉంటాయి, అందుకే విన్నవాడికి పాటో, ప్రకటనో అనిపిస్తుంది. నీ మోత, పూత, గీతకు పట్టిన గతి అదే. మన చెవికి అసలు ప్రాస ఎక్కడ? రెండో అక్షరంలో. ఇప్పుడు మూలాన్ని ఆ చెవితో విను. బుబ్బొలీయో, గబ్బియానో. రెండింటికీ రెండో అక్షరం 'బ్బ'! మొదటి పాదంలోని ఉరుమూ, ఆఖరి పాదంలోని పక్షీ మన ద్వితీయాక్షర ప్రాసతోనే ముడిపడ్డాయి. ఇటలీవాడు అలా లెక్కపెట్టడు కానీ చప్పుడు అక్కడ ఉంది.

కాబట్టి ప్రాసను పాదం చివర్నుంచి మొదటికి మార్చు. దూరానికి 'ఎక్కడో' అని నువ్వే రాశావు. రెక్కకు 'రెక్క' ఉండనే ఉంది. ఎక్కడో, రెక్క. 'క్క' కుదిరింది. నువ్వు వెతకకుండానే.

మైక్_టెస్టింగ్

వామ్మో. మాస్టారూ, ఇది ముందు చెప్పొచ్చు కదా.

అయితే పెదాలు మూసే 'బ్బ' పోయి, గొంతులో తెగే 'క్క' వచ్చింది. ఉరుము మెత్తగా దొర్లాలి, 'క్క' కర్రలా విరుగుతుంది. నా అభ్యంతరం నోట్ చేసుకోండి.

లాసన్స్‌బే_లలిత

నోట్ చేసుకున్నాను. నిజమే, ముడి దొరికింది గానీ దారం వేరు. ఆ మెత్తదనం 'గొణుగుడు'తో కొంత వస్తుందేమోనని చూశాను. ఉరుము అనే పేరు ఎత్తకుండా, చప్పుడు మాత్రమే. మూలంలోనూ ఉరుము పేరు లేదు కదా. మూడో పాఠం:

ఎక్కడో గొణుగుడు...

ఎర్రబారుతోంది దిక్కు,
నిప్పంటుకున్నట్టు, సముద్రం వైపు;
తారునలుపు, కొండ వైపు;
లేత మబ్బు పీలికలు;
నలుపు నడుమ సున్నపుటిల్లు:
ఒక్క రెక్క, సముద్రపు పిట్టది.

'ఆ మారే, ఆ మోంతే' జంటకు 'వైపు, వైపు' సరిపోయింది, అది ప్రాస కోసం తెచ్చింది కాదు. రెండో పాదం చివర 'దిక్కు' కూడా అనుకోకుండా కలిసింది. ఈసారి కాటుక జోలికి పోలేదు. 'పేచే' పడవల సందులకు పూసే నల్ల జిగురు, కాటుక కంటికి పెట్టుకునేది.

మా ఆయనకి మళ్ళీ చదివాను. ఎక్కడో, ఒక్క, రెక్క కలిసిన సంగతి ఆయన పట్టుకోలేదు. "ఇల్లు బావుంది" అన్నారు.

చీఫింజనీరు

ప్రాస పట్టుకోకపోతే నష్టం లేదు, ఇటలీలో కూడా ఐదు పాదాల తర్వాత వచ్చే 'ఆనో'ను చాలామంది మొదటిసారి పట్టుకోరు. ఇల్లు బావుందన్నారు చూశారా, అది ముఖ్యం. రెండిట్లో ఒకటే మిగుల్చుకోవాల్సి వస్తే నేను ఇల్లునే మిగుల్చుకుంటాను.

కానీ ఆఖరి పాదంతో నాకు పేచీ ఉంది. 'పిట్టది' అనే తోక బలహీనంగా ఉంది. పాస్కోలి పక్షి మీద ఆపాడు, సరే, మీరూ పక్షి మీదే ఆపారు, కానీ ఆ 'ది' గుమాస్తా లెక్క రాసినట్టుంది. 'సముద్రపు పిట్ట ఒక్క రెక్క' అనండి.

ఎమ్వీపీ_మాస్టారు

అలా తిప్పితే ప్రాస పాదం మొదట్లోంచి జారిపోతుంది. కూడదు.

చీఫింజనీరు

ప్రాస కోసం వాక్యం కుంటుతుంటే మళ్ళీ మొదటికే వచ్చాం, మాస్టారూ.

మైక్_టెస్టింగ్

'ఒక్క రెక్క' అని ఆపేస్తే? ఏ పిట్టో చెప్పకుండా?

చీఫింజనీరు

అప్పుడు సముద్రం పోతుంది.

పెదజాలరిపేట_కుర్రోడు

మేడం, మూడోది మా అమ్మకి చదివాను. చేపలు ఆరబెడుతూ వింది. పిట్ట గురించి ఏమీ అనలేదు. "ఆ ఇంట్లో ఎవులైనా ఉన్నారా?" అని అడిగింది.

లాసన్స్‌బే_లలిత

అమ్మగారికి నా నమస్కారం చెప్పు నాన్నా. సున్నపుటిల్లు ఇక మార్చను. ఆఖరి పాదం రెండు రకాలుగానూ రాసి పెట్టుకున్నాను, ఇంకొన్నాళ్ళు పైకి చదువుతూ చూస్తాను.

మాస్టారూ, చిన్న సందేహం. మబ్బు 'పీలికలా', 'పేలికలా'? మూలంలో పాతగుడ్డ అనే అర్థం గట్టిగా ఉంది. మా అమ్మమ్మ పాత చీర చింపిన ముక్కల్ని పేలికలనేది.

ఎమ్వీపీ_మాస్టారు

పాతగుడ్డ అయితే పేలికలే. మార్చు.